ఫైర్ డ్రిల్‌లో లెక్క కుదరడం లేదు: లోపల ఎవరు ఉండిపోయారో పేరుతో సహా తేల్చడం ఎలా?

శ్రీలత
మా ఆఫీసు గ్రౌండ్ ఫ్లోర్ కాక పైన 3 అంతస్తులు. స్టాఫ్, హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ అంతా కలిపి 140 మంది దాకా ఉంటాం. మొన్నటి డ్రిల్‌లో 6 నిమిషాల్లో అందరూ కిందికి వచ్చేశారు గానీ, అసెంబ్లీ పాయింట్ దగ్గర లెక్క తేలడానికి 20 నిమిషాలు దాటింది. ఒకరు లెక్కపెడితే 131, ఇంకొకరు లెక్కపెడితే 134, బయోమెట్రిక్‌లో చూస్తే 137. నిజంగానే ఫైరింజన్ వచ్చి "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే ఏం చెప్పాలి? మీ దగ్గర ఏ పద్ధతి నడుస్తోందో కాస్త వివరంగా చెప్పండి.

వెంకట్
దీనికి అంత ఇబ్బంది ఎందుకండీ? అలారం మోగగానే రిసెప్షన్ వాళ్లు బయోమెట్రిక్ రిపోర్ట్ ప్రింట్ తీసుకుని బయటికి రావాలి. అందులో ఎంతమంది ఉన్నారో, బయట అంతమంది ఉంటే సరిపోయినట్టే. వరసల్లో నిలబెట్టి లెక్కపెట్టండి, లెక్క తప్పదు.

రమణ, ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసర్
వెంకట్ గారూ, పేర్ల జాబితా ఉండాలన్న మాట సరైనదే. కానీ అలారం మోగాక ప్రింట్ కోసం ఒక మనిషిని లోపల ఆపకూడదు. కరెంటు పోతే ఆ ప్రింటరూ పనిచేయదు. పైగా పొద్దున వేలిముద్ర వేసి 11 గంటలకు బ్యాంకుకు వెళ్లినవాళ్లు ఆ రిపోర్టులో లోపలే ఉన్నట్టు కనిపిస్తారు. ఏసీ రిపేరుకు వచ్చినవాళ్లు అసలు కనిపించరు.

శ్రీలత గారూ, ముందు తలలు లెక్కపెట్టడం మానేయండి. ఎందుకో చూడండి. ఒక గ్రూపులో 18 పేర్లున్నాయి. ఇద్దరు సెలవు, ఒకరు ఫీల్డు పని మీద వెళ్లారు. రావాల్సింది 15 మంది. లెక్కపెడితే సరిగ్గా 15 తలలే ఉన్నాయి. అయితే అందులో ఒకాయన పక్క గ్రూపు మనిషి, స్నేహితుడి పక్కన నిలబడ్డాడు. ఈ గ్రూపు మనిషి ఒకరు రెండో అంతస్తు బాత్రూంలో ఉన్నారు. లెక్క సరిపోయింది, మనిషి లోపలే ఉండిపోయాడు. అంకె తప్పితే కనీసం వెతుకుతారు, ఇలా సరిపోతే ఎవరూ వెతకరు.

అందుకే పేరు పిలవాలి, ఆ మనిషే "ఉన్నాను" అనాలి. 140 మందిని ఒకే వరసలో పెట్టకుండా, ఒకే చోట కూర్చునేవాళ్లను 15 నుంచి 20 మంది చొప్పున గ్రూపులు చేయండి. మీకు 8 గ్రూపులు సరిపోతాయి. ప్రతి గ్రూపుకు ఒక లీడరు, ఆయన లేని రోజుకు ఇంకొకరు. రోజూ పొద్దున హాజరు పూర్తికాగానే లీడరు ఆ రోజు సెలవులో ఉన్న పేర్లు కొట్టేసి, జాబితాను అట్టకు క్లిప్ పెట్టి, ఆ అంతస్తు మెట్ల తలుపు పక్కన మేకుకు తగిలించాలి, దారానికి పెన్సిల్ కట్టి. దిగేటప్పుడు చేతికి అందేది అక్కడే. రెండో కాపీ గేటు దగ్గర గార్డు పెట్టెలో ఉండాలి. విజిటర్ల రిజిస్టరు, కాంట్రాక్టు పనివాళ్ల జాబితా గార్డు చేతిలో ఉండాలి, అదే మీ తొమ్మిదో గ్రూపు.

జనం ఎక్కువగా తప్పు చేసేది ఒకచోట. పేరు పిలవగానే పక్కనుంచి "వచ్చేశాడు సార్, మెట్ల మీద చూశాను" అంటారు. దానికి టిక్కు పెట్టొద్దు. పేరు పక్కన "ఫలానావారు చూశామన్నారు" అని రాసి, ఆ మనిషి ఎదురుగా వచ్చేదాకా లేనట్టే లెక్క.

శ్రీలత
గ్రూపుల సంగతి అర్థమైంది. ఆ 9 మంది లీడర్లూ ఒకేసారి నా మీద పడితే? మొన్న లెక్కపెట్టినవాళ్లు అలాగే చేశారు.

రమణ
లీడర్లను మీ దగ్గరికి పరుగెత్తనివ్వకండి. ఒక్కో గ్రూపుకు అసెంబ్లీ పాయింట్‌లో నంబరు బోర్డు పెట్టండి, లీడరు ఆ బోర్డు దగ్గరే ఉండాలి. మీరే ఒకటి నుంచి తొమ్మిది దాకా నడుచుకుంటూ వెళ్లి అడగండి. లీడరు చెప్పాల్సింది "15కి 14, లేనిది ఫలానా, చివరగా కనిపించింది రెండో అంతస్తు ప్యాంట్రీలో" అన్నంత మాత్రమే. మీ కాగితం మీద లేనివాళ్ల పేర్లు మాత్రమే ఎక్కాలి. ఫైర్ ఆఫీసరుకు మీరిచ్చేది కూడా అదే: పేరు, అంతస్తు, గది, చివరగా చూసిందెవరు.

దీంతోపాటు ఫ్లోర్ వార్డెన్ చెప్పే మాట విడిగా తీసుకోండి. ఆయన దిగుతూ బాత్రూములు, సర్వర్ గది, మీటింగ్ గది చూసి, తలుపు మూసి, దాని మీద సుద్దతో ఇంటూ గుర్తు పెట్టి వస్తాడు. పొగ ఉంటే లోపలికి పోకూడదు, ఆ గది "చూడలేదు" అని మీకు చెబితే చాలు. హాజరులో లేని పేరు, చూడని గది ఒకే అంతస్తులో పడితే మొదట వెతకాల్సింది అక్కడే. ఇవన్నీ తేలేదాకా 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయకుండా ఆగొద్దు, అది అలారంతోపాటే జరగాలి.

పద్మ
మాది 5 అంతస్తుల అపార్ట్‌మెంట్, 40 ఫ్లాట్లు. నేను అసోసియేషన్ సెక్రటరీని. మేమూ ఇలాగే పేర్లతో పిలుద్దామంటే పనిమనుషులు, చుట్టాలు, ట్యూషన్ పిల్లలు ఎవరెప్పుడు వస్తారో తెలియదు. రోజూ జాబితా రాయమంటారా?

రమణ
వద్దండి, మీకది కుదరదు. ఇళ్లలో మనుషులను కాదు, తలుపులను లెక్కపెట్టాలి. అంతస్తుకు 8 ఫ్లాట్లు కాబట్టి, ఒక కాగితం మీద ఫ్లాట్ నంబర్లు ముందే రాసి అంతస్తుకో మనిషికి ఇవ్వండి. దిగేటప్పుడు ప్రతి తలుపూ కొట్టి "బయటికి వచ్చారు", "తాళం వేసి ఉంది", "జవాబు లేదు" అని మూడింట్లో ఒకటి రాయాలి. కింద ప్రతి ఫ్లాటు నుంచి ఒకరిని "మీ ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా" అని అడగాలి. మెట్లు దిగలేని పెద్దవాళ్లున్న ఫ్లాట్లు ఆ కాగితం మీద ముందే గుర్తు పెట్టుకోండి.

వెంకట్
సరే, జాబితా ప్రింట్ మాట వెనక్కి తీసుకుంటాను. మరి వాట్సాప్ గ్రూపులో అందరూ "సేఫ్" అని పెడితే? పేర్లు వాటంతటవే వస్తాయి కదా.

రమణ
ఫోను టేబుల్ మీదే వదిలి దిగినవాళ్లు ఉంటారు, ఇంటి నుంచి పనిచేస్తూ "సేఫ్" అని పెట్టేవాళ్లూ ఉంటారు. పైగా హౌస్‌కీపింగ్ వాళ్లు మీ గ్రూపులో ఉండరు. లేని పేరు తేలాక ఆ మనిషికి ఫోన్ చేసి ఎక్కడున్నారో కనుక్కోవడానికి మాత్రం ఫోను పనికొస్తుంది.

శ్రీలత
మధ్యాహ్నం 1 గంటకు అలారం మోగితే? సగం మంది బయట టిఫిన్ సెంటర్‌లో ఉంటారు. పొద్దున జాబితా ప్రకారం వాళ్లంతా లోపలున్నట్టే.

రమణ
అదే అన్నిటికంటే కష్టమైనది. తలుపు దగ్గర పేరు బిళ్లలున్న బోర్డు పెట్టి, బయటికి వెళ్లేటప్పుడు తిప్పమనొచ్చు. కొన్నాళ్లకు జనం తిప్పడం మానేస్తారు. మా దగ్గర లంచ్ సమయంలో గేటు గార్డు బయటికి వెళ్లేవాళ్ల పేర్లు రాసుకుంటాడు. తిరిగొచ్చేవాళ్లను అలారం తర్వాత లోపలికి వదలడు, నేరుగా గ్రూపు బోర్డు దగ్గరికి పంపుతాడు. పూర్తిగా నమ్మదగ్గ పద్ధతి నాకింకా దొరకలేదు.

ఒకటి మాత్రం చేయండి. వచ్చే డ్రిల్‌లో ఒకరిని మీకు, వార్డెన్లలో ఒకరికి మాత్రమే తెలిసేలా గ్రౌండ్ ఫ్లోర్ గదిలో, బయటి తలుపు పక్కన కూర్చోబెట్టండి. అతని పేరు మీ కాగితం మీదికి ఎన్ని నిమిషాల్లో వచ్చిందో గడియారం చూసి రాయండి. 5 నిమిషాలు దాటితే ఏ లీడరు దగ్గర ఆగిందో చూసుకోవచ్చు.

పద్మ
అలా మనిషిని దాచడం నాకు మంచిదనిపించడం లేదండి. అదే సమయంలో నిజంగా ఏదైనా జరిగితే?

రమణ
మీ భయం సబబే. అందుకే ఆ సంగతి తెలిసిన వార్డెన్ ఆ తలుపు దగ్గరే ఉండాలి. అయినా ఒప్పుకోని యాజమాన్యాలు ఉన్నాయి. అలాంటి చోట మనిషికి బదులు ఒక పేరును పొద్దునే జాబితాలో అదనంగా చేర్చి, లీడరు పట్టుకుంటాడో లేదో చూస్తారు. వార్డెన్ గదులు సరిగ్గా చూశాడా అన్నది మాత్రం దాంతో తెలియదు.