“బిల్లు కట్టావా?” అని అడిగితే గొడవెందుకైంది?

వానచినుకు:
మనందరిలో మూడు స్థితులుంటాయని ఈమధ్యే చదివాను: పెద్దవాళ్లలా మందలించే, చెప్పే పేరెంట్, ఉన్న విషయాన్ని చూసి మాట్లాడే అడల్ట్, చిన్నప్పటిలా స్పందించే చైల్డ్. మొన్న మా ఆయన్ని మామూలుగానే “కరెంటు బిల్లు కట్టావా?” అని అడిగాను. “నాకు గుర్తుందిలే, ప్రతిదానికీ వెంటపడక్కర్లేదు” అని కస్సుమన్నాడు. “చూడు, నువ్వు చైల్డ్‌లోకి వెళ్లిపోయావు” అన్నాను. ఇక రెండు రోజులుగా మాటల్లేవు. నేను అడిగింది అడల్ట్ ప్రశ్నే కదా?

ముక్కుసూటి:
మీ తప్పేం లేదు. ఆయనదే చైల్డ్. అడల్ట్ అంటే ఎమోషన్ లేకుండా, గొంతు పెంచకుండా మాట్లాడటం. మీరు అలాగే ఉండండి, ఆయనే దారికొస్తాడు.

పాతకౌన్సెలర్:
ఆయనది చైల్డ్ అన్నంతవరకు నిజమే, అందులోనూ ఎదురుతిరిగే చైల్డ్. కానీ గొంతు పెంచకపోతే చాలు అడల్ట్ అనుకోవద్దు. చల్లగా, పళ్లు బిగించి మాట్లాడేవాళ్లలో చాలాసార్లు తప్పులు పట్టే పేరెంటే ఉంటుంది. వానచినుకు గారూ, ఒకటి చెప్పండి. అడిగేటప్పటికి బిల్లు కట్టలేదని మీకు తెలుసా?

వానచినుకు:
తెలుసు. పొద్దున్నే నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది.

పాతకౌన్సెలర్:
అసలు విషయం అక్కడుంది. జవాబు తెలియక అడిగితే అది అడల్ట్ ప్రశ్న. తెలిసి అడిగితే పైకి ప్రశ్నే, లోపల “మళ్లీ మర్చిపోయావు కదూ” అనే పేరెంట్. ఇలా రెండు పొరలు ఉన్నప్పుడు మాటల వల్ల కాదు, లోపలి పొర వల్లే సంభాషణ ఎటు వెళ్తుందో తేలుతుందని ఈ పద్ధతిని తయారుచేసిన సైకియాట్రిస్ట్ ఎరిక్ బెర్న్ అన్నాడు. మీ ఆయన ఆ లోపలి దానికే జవాబిచ్చాడు. ఎదుటివాళ్లు ఏ స్థితి నుంచి స్పందించారో చూస్తే, మనం ఏ స్థితిలో ఉన్నామో కొంత తెలుస్తుంది. స్థితిని గుర్తుపట్టడానికి బెర్న్ చెప్పిన నాలుగు దారుల్లో అదొకటి.

ఇక “నువ్వు చైల్డ్‌లో ఉన్నావు” అనడం... అది పక్కా పేరెంట్ మాట, పదం మాత్రమే కొత్తది :)

బుజ్జిగాడి నాన్న:
మావాడికి ఎనిమిదేళ్లు, హోంవర్క్ అంటే ఏడుపు. ఈ చైల్డ్ పద్ధతి వాడికి పనిచేస్తుందా?

పాతకౌన్సెలర్:
ఇక్కడ చైల్డ్ అంటే పిల్లలని కాదండీ. యాభై ఏళ్ల మనిషిలోనూ, చిన్నప్పుడు తాను ఎలా ఫీలయ్యాడో ఎలా ప్రవర్తించాడో అదే మళ్లీ లేస్తుంది. మీ ప్రశ్నకి వేరే చర్చ పెడితే మంచిది.

నైట్‌షిఫ్ట్:
నాది తిరగబడిన కేసు. మా మేనేజర్ “ఇంకా అవ్వలేదా?” అంటే నేను “సారీ సర్, సారీ సర్, ఇప్పుడే” అంటాను. గొడవే ఉండదు. మూడేళ్లుగా ఇదే.

పాతకౌన్సెలర్:
గొడవ ఉండదు, ఎందుకంటే ఆయన పేరెంట్‌గా మీలోని చైల్డ్‌ని పిలుస్తున్నాడు, అదే పలుకుతోంది. పిలిచిన చోటు నుంచే జవాబు వస్తుంటే అది ఎంతకాలమైనా సాగుతుంది. అలా సాగుతోందంటే అంతా బాగున్నట్టు కాదు. ఒకసారి “రెండు భాగాలు అయ్యాయి, మూడోదానికి లెక్కలు రావాలి, నాలుగింటికి పంపుతాను” అని చూడండి. సారీ వద్దు. మాట తెగినట్టు ఆయనకి ఒక్క క్షణం ఇబ్బందిగా ఉంటుంది, నచ్చకపోవచ్చు కూడా. పేరెంట్ పిలుపుకి అడల్ట్ జవాబిస్తే లైన్ క్రాస్ అవుతుంది మరి. మీ ఉద్యోగం సంగతి మీకే తెలుసు, చూసుకుని చేయండి.

ముక్కుసూటి:
అయితే క్రాస్ అవ్వడం చెడ్డది కాదా? నేను ఉల్టా అనుకున్నాను.

పాతకౌన్సెలర్:
ఆగాల్సిన మాటని ఆపడానికి అదే దారి. తెలియకుండా క్రాస్ అయితేనే తంటా.

వానచినుకు:
అప్‌డేట్. నిన్న నీళ్ల బిల్లు వచ్చింది. ఈసారి “ఇంకా కట్టలేదని మెసేజ్ వచ్చింది, రేపే ఆఖరు. నువ్వు కడతావా, నేను కట్టనా?” అన్నాను. “నేను కడతా” అని వెంటనే కట్టేశాడు. ఆ తర్వాత “ఏంటి, ఆఫీసు మెయిల్‌లా మాట్లాడుతున్నావ్?” అని నవ్వాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ కూడా పుస్తకం తెరిచి చూశాకే “చదివావా?” అని అడిగేదట. నిన్నే చెప్పాడు.

పాతకౌన్సెలర్:
నాలుగింటిలో ఇది ఇంకో దారి, ఆ స్పందన చిన్నప్పుడు ఎవరి ముందు పుట్టిందో చూడటం. అందుకే మీరు ఎంత శుభ్రంగా అడిగినా ఒక్కోసారి ఆయనకి ఆ గొంతే వినిపించొచ్చు.

నైట్‌షిఫ్ట్:
ఒక డౌట్. బిల్లు గుర్తుపెట్టుకోవడం ఆవిడ పనే, మాట మార్చుకోవడమూ ఆవిడ పనేనా?

పాతకౌన్సెలర్:
మాట ఎక్కడ తెగిందో ఈ పద్ధతి చూపిస్తుంది. బిల్లు ఎవరి బాధ్యతో ఇది చెప్పదు. అది వాళ్లిద్దరూ అడల్ట్‌లో కూర్చుని తేల్చుకోవాలి.

వానచినుకు:
ఆ మాట ఇంకా ఎత్తలేదు. ఎత్తేటప్పుడు నా గొంతులో ఏది వస్తుందో చూడాలి.