ఉచిత గైడ్ కోసం మెయిల్ ఇస్తే న్యూస్‌లెటర్‌కీ ఒప్పుకున్నట్టేనా?

ద్వారకానగర్ కన్సల్టెంట్:
విశాఖలో చిన్న కన్సల్టెన్సీ మాది. జర్మనీలో మాస్టర్స్ చేయాలనుకునేవాళ్లకు వీసాకు కావలసిన ఏపీఎస్ సర్టిఫికెట్, బ్లాక్డ్ అకౌంట్ గురించి 14 పేజీల గైడ్ రాశాం, ఉచితం. పేరు, మెయిల్, ఫోన్ నంబర్ ఇస్తే పంపుతాం. గైడ్ తీసుకున్నవాళ్లందరికీ నెలకు రెండు న్యూస్‌లెటర్లు పంపుదామని మా పార్ట్‌నర్ అంటున్నాడు. వేరే టిక్ బాక్స్ పెడితే సగం మంది టిక్ పెట్టరని అతని టెన్షన్. ఎవరిది రైటు? జర్మనీలో ఇప్పటికే ఉన్న మనవాళ్లకు కూడా మెయిల్స్ పంపాలని ఉంది.

లీడ్ లేనిదే బువ్వ లేదు:
పార్ట్‌నర్‌దే రైటు. గైడ్ రాయడానికి మీకు ఖర్చయింది కదా, దానికి బదులు మెయిల్ అడగడంలో తప్పేముంది? డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది నిజమే, కానీ రూల్స్ నోటిఫై అయింది 2025 నవంబరులో. కంపెనీల బాధ్యతలు అమల్లోకి వచ్చేది ఆ తర్వాత 18 నెలలకు, అంటే 2027 మేలో. అప్పటిదాకా లిస్టు పెంచుకోండి.

మెయిల్ మేస్త్రి:
తేదీ వరకు అన్న చెప్పింది కరెక్టే. కానీ ముందే పోగుచేసిన లిస్టుకు చట్టం మాఫీ ఇవ్వడం లేదు. అప్పటికే ఒప్పుకున్నవాళ్లకు, చట్టం అమల్లోకి వచ్చాక వీలైనంత త్వరగా నోటీసు పంపాలి, వాళ్లు వద్దనేదాకా వాడుకోవచ్చు. అసలు ఒప్పుకోనివాళ్లు నోటీసు పంపినంత మాత్రాన ఒప్పుకున్నవాళ్లు అయిపోరు. గైడ్ అడిగి, న్యూస్‌లెటర్ మాట ఎక్కడా చూడనివాళ్లు ఈ రెండో రకం.

చట్టం సెక్షన్ 6 ప్రకారం సమ్మతికి షరతు ఉండకూడదు, ఏ పనికో స్పష్టంగా చెప్పాలి, ఆ పనికి అవసరమైన వివరాలకే అది వర్తిస్తుంది. అందులోనే ఒక ఉదాహరణ ఉంది. టెలీమెడిసిన్ యాప్ వైద్యం కోసం వివరాలతో పాటు ఫోన్‌లోని కాంటాక్టులూ అడిగింది, వినియోగదారు రెండింటికీ సరే అంది. అయినా కాంటాక్టులకు ఇచ్చిన ఒప్పుదల చెల్లదు, వైద్యానికి అవి అక్కర్లేదు కాబట్టి. మరి 14 పేజీల పీడీఎఫ్ పంపడానికి ఫోన్ నంబర్ ఎందుకు? టిక్ బాక్స్ కంటే ముందు ఆ గడి తీసేయండి.

ఇంటర్ అమ్మాయి నాన్న:
ఫోన్ నంబర్ అన్నారు కాబట్టి చెబుతున్నా. మా అమ్మాయి ఏదో కాలేజీల గైడ్ డౌన్‌లోడ్ చేసింది, నంబరు నాది ఇచ్చింది. అప్పటి నుంచి రోజూ "సార్, మీ పాపకు ఎంబీబీఎస్ సీటు" అని ఫోన్లు. ఒకళ్లని బ్లాక్ చేస్తే ఇంకో నంబరు నుంచి. ఎవరు ఎవరికి అమ్మారో దేవుడికే తెలియాలి. ట్రాయ్‌లో డీఎన్‌డీ పెట్టినా ఆగలేదు. ఇలాంటివాళ్ల మీద ఎక్కడ కంప్లయింట్ ఇవ్వాలి?

మెయిల్ మేస్త్రి:
సార్, కాల్స్ సంగతి వేరు, డీఎన్‌డీ యాప్‌లో ప్రతి నంబరు మీదా ఫిర్యాదు వేస్తూ ఉండాల్సిందే. మీ మాటతో ఇంకో సంగతి బయటికొచ్చింది. ఇంటర్ పిల్లలకు పదిహేడేళ్లే కదా. చట్టం ప్రకారం 18 నిండనివాళ్లు పిల్లలే. తల్లిదండ్రుల ఒప్పుదల తీసుకోవాలి, అది నిజంగా వాళ్లదేనని తేల్చుకోవాలి. పిల్లలను గురిపెట్టి ప్రకటనలు పంపకూడదు. మాస్టర్స్ గైడ్ కాబట్టి కన్సల్టెంట్ గారు కొంత నయం.

ద్వారకానగర్ కన్సల్టెంట్:
ఫోన్ గడి తీసేయడమంటే మా కౌన్సెలర్లు గొడవ చేస్తారు. సరే, ఐచ్ఛికంగా పెడతాను. ఫారంలో వాక్యం ఎలా రాయాలి? మెయిల్స్ పంపే టూల్‌లో ఏం మార్చాలి?

మెయిల్ మేస్త్రి:
ఐచ్ఛికం అన్నాక, ఎందుకో పక్కనే రాయండి: "కౌన్సెలర్ ఫోన్ చేయాలనుకుంటేనే ఇవ్వండి." మెయిల్ గడి కింద ముందే టిక్ లేని బాక్స్ ఒకటి:

"జర్మనీ అడ్మిషన్లు, వీసా మార్పుల మీద నెలకు రెండు మెయిల్స్ కూడా నాకు పంపండి. ప్రతి మెయిల్ కింద ఉన్న లింకుతో ఎప్పుడైనా మానేయవచ్చు."

బటన్ మీద "గైడ్ పంపండి" చాలు. టిక్ పెట్టకపోయినా గైడ్ వెళ్లాలి. బటన్ కింద కన్సల్టెన్సీ పేరు, మెయిల్ దేనికి వాడతారు, వివరాలు తీసేయమని ఎవరికి రాయాలి, ఈ మూడూ రెండు వాక్యాల్లో రాయండి. "మా పార్ట్‌నర్లు కూడా సంప్రదించవచ్చు" లాంటిది ఇరికించకండి. ఆ నాన్నగారి కష్టమంతా అలాంటి వాక్యంతోనే మొదలై ఉంటుంది.

ఇక టూల్. చాలావాటిలో ఫారం నింపిన ప్రతివాళ్లూ నేరుగా సబ్‌స్క్రైబర్ల లిస్టులో పడతారు. మీరు బాక్స్ పెట్టినా, పంపేటప్పుడు "అందరికీ" అని ఎంచుకుంటే టిక్ పెట్టనివాళ్లకూ వెళ్లిపోతుంది. కాబట్టి టిక్ పెట్టినవాళ్లకు ఒక ట్యాగ్ పడేలా చేసి, న్యూస్‌లెటర్ ఆ ట్యాగ్‌కే పంపండి. గైడ్ పంపే ఆటోమేషన్ మాత్రం అందరికీ నడవాలి. రెండు సొంత మెయిల్ అడ్రస్‌లతో పరీక్షించండి, ఒకదానికి టిక్ పెట్టి, ఒకదానికి పెట్టకుండా. టిక్ పెట్టిన తేదీ, ఆ రోజు ఫారంలో ఉన్న వాక్యం, రెండూ దాచుకోండి. రేపు ఎవరైనా అడిగితే మీ దగ్గర చూపించడానికి ఉండేవి అవే.

మ్యూనిక్ లక్ష్మి:
జర్మనీలో ఉన్నవాళ్లకు పంపేటట్టయితే ఇక్కడి రూల్స్ ఇంకా గట్టివి. ప్రకటన మెయిల్‌కు ముందుగా స్పష్టమైన ఒప్పుదల ఉండాలి, ఉందని నిరూపించాల్సింది పంపినవాళ్లే. అందుకే ఇక్కడ అందరూ డబుల్ ఆప్ట్ ఇన్ వాడతారు. ఫారం నింపాక ఒక మెయిల్ వస్తుంది, అందులో లింకు నొక్కితేనే లిస్టులో చేరతారు. మీరూ పెట్టుకోండి, గైడ్ లింకు కూడా ఆ మెయిల్‌లోనే ఇస్తే దొంగ అడ్రస్‌లు పెట్టేవాళ్లు తగ్గుతారు. ఆ మెయిల్‌లో మీ సర్వీసుల ప్రచారం మాత్రం వద్దు.

లీడ్ లేనిదే బువ్వ లేదు:
మేడమ్, ఇన్ని గడపలు దాటి లిస్టులోకి వచ్చేది పదిమందే. పెద్ద కంపెనీలు ఎవరు పాటిస్తున్నారు?

మెయిల్ మేస్త్రి:
అన్నా, చట్టం పక్కన పెట్టు, జీమెయిల్ ఊరుకోదు. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం చేరకుండా చూసుకోమని గూగుల్ చెబుతోంది. 400 మందికి పంపితే ఇద్దరు స్పామ్ నొక్కినా 0.5 శాతం. అడగనివాళ్లు ఆపేయడానికి లింకు వెతకరు, స్పామ్ బటనే నొక్కుతారు. ఆ తర్వాత టిక్ పెట్టినవాళ్ల మెయిల్ కూడా స్పామ్‌లోకి పోతుంది. పైగా చిన్న లిస్టులకు, ఈ ఫిర్యాదుల శాతం చూపించే గూగుల్ పోస్ట్‌మాస్టర్‌లో లెక్కలే కనిపించవు, ఓపెన్లు పడిపోయాక గానీ తెలియదు.

కన్సల్టెంట్ గారూ, పంపే అడ్రస్ జీమెయిల్‌ది కాకుండా మీ సొంత డొమైన్‌ది పెట్టండి. మెయిల్ నిజంగా మీదేనని చూపడానికి టూల్ ఇచ్చే డీకిమ్ రికార్డులు డొమైన్ డీఎన్ఎస్‌లో చేర్చి, ఈ డీమార్క్ రికార్డు కూడా వేయండి:

```
_dmarc  TXT  "v=DMARC1; p=none; rua=mailto:dmarc@example.com"
```

example.com బదులు మీ డొమైన్. మీ డొమైన్ పేరుతో ఎవరు పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డు ఆఫీసు మెయిల్ కోసం ఇప్పటికే ఉండి ఉంటుంది. రెండోది వేయకండి, ఉన్నదానిలోనే టూల్ చెప్పిన `include` కలపండి. రెండు ఉంటే ఎస్‌పీఎఫ్ పరీక్ష ఫెయిల్ అవుతుంది. తర్వాత మీ జీమెయిల్‌కే ఒక మెయిల్ పంపుకుని Show original తెరవండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి పక్కనా PASS కనిపించాలి.

మ్యూనిక్ లక్ష్మి:
ఒక దారి ఇంకా మిగిలి ఉంది. గైడ్‌ను ముందు పెట్టకుండా, "మా న్యూస్‌లెటర్‌లో చేరండి, చేరినవాళ్లకు గైడ్ బహుమతి" అని పెద్ద అక్షరాల్లో రాస్తే? ఇక్కడ చాలామంది అలాగే చేస్తారు. దాపరికం లేదు, మనిషి దేనిలో చేరుతున్నాడో తెలుసు.

మెయిల్ మేస్త్రి:
నాకు అదీ షరతులాగే కనిపిస్తుంది మేడమ్. మన చట్టంలో "షరతు లేని" అన్న మాట దీన్ని ఆపుతుందా లేదా అన్నది డేటా ప్రొటెక్షన్ బోర్డు ముందుకు ఎవరిదైనా కేసు వస్తే గానీ తేలదు. దొంగచాటుగా చేర్చడం కంటే మాత్రం వంద రెట్లు నయం.

ద్వారకానగర్ కన్సల్టెంట్:
టిక్ బాక్స్, డబుల్ ఆప్ట్ ఇన్ రెండూ పెడుతున్నాను. పార్ట్‌నర్ ఇంకా ఒప్పుకోలేదు, లక్ష్మి గారి దారే బాగుందంటున్నాడు. పోయిన నెల ఎడ్యుకేషన్ ఫెయిర్‌లో కాగితం మీద రాయించుకున్న మెయిల్స్ కొన్ని ఉన్నాయి. వాటికి ఒక్కసారి "చేరతారా" అని అడుగుతూ మెయిల్ పంపవచ్చా?

మెయిల్ మేస్త్రి:
ఆ కాగితం పైన ఏమని రాసి ఉంది?