ఏఐ స్కోరు 20% దాటితే సున్నా: ఈ రూలు నిలబడుతుందా?

కెమిస్ట్రీ మేడమ్, విజయనగరం:
మా ఇంజినీరింగ్ కాలేజీలో అసైన్‌మెంట్లన్నీ డిటెక్టర్‌లో వేసి, ఏఐ స్కోరు 20% దాటితే సున్నా వేయాలంటున్నారు. రూలు రాసే పని నా మీద పడింది. ఏం రాయమంటారు?

రిటైర్డ్ లెక్చరర్:
ఇందులో ఆలోచించడానికేముందమ్మా? యూజీసీ 2018లోనే చెప్పింది కదా. 10% వరకు పర్వాలేదు, 60% దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మీవాళ్లు 20 దాకా వదిలేస్తున్నారంటే మెత్తబడ్డట్టే. ఒక్క సెమిస్టర్ సున్నాలు వేసి చూడండి, దారికొస్తారు.

పరీక్షల విభాగం:
సార్, ఆ అంకెలు నిజమే కానీ అవి పోలిక శాతాలు, అదీ ముఖ్యంగా థీసిస్‌ల కోసం. థీసిస్‌లో 40% కలిసిందంటే, ఎక్కడిదో ఆ పేజీ తెచ్చి పక్కన పెట్టి చూపించొచ్చు. ఏఐ స్కోరుకు పక్కన పెట్టడానికి ఏ పేజీ ఉండదు. వాక్యాల తీరు చూసి యంత్రం వేసే అంచనా అది.

మేడమ్, మీ లెక్కే వేద్దాం. 240 మంది, ఐదేసి అసైన్‌మెంట్లు అనుకుంటే 1,200 పేపర్లు. అందరూ సొంతంగానే రాసినా, డిటెక్టర్ నూటికి ఒక్కటే తప్పు చెప్పినా, 12 పేపర్లకు అన్యాయంగా సున్నా. అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ ఇదే లెక్క వేసుకుంది. 2022లో వాళ్లు కాపీ పట్టే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్‌కు పంపిన పేపర్లు 75,000, అందులో 1% అంటే 750. 2023 ఆగస్టులో ఏఐ డిటెక్షన్ ఆపేశారు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా 2023 జనవరిలో తెచ్చిన సొంత డిటెక్టర్‌ను, సరిగ్గా పట్టలేకపోతోందని జులైలోనే తీసేసింది.

మన పిల్లలకు ఇంకో గండం ఉంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 91 టోఫెల్ వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇస్తే, సగటున 61% ఏఐ రాసినవేనని చెప్పాయి. అన్నీ మనుషులు రాసినవే! ఇంగ్లిష్ పరాయి భాష అయినవాళ్లు తెలిసిన కొద్ది మాటలతో రాస్తారు, యంత్రానికి అక్కడే అనుమానం.

ఎమ్మెస్ స్టూడెంట్, డల్లాస్:
నాకు జరిగిందే ఇది. రెండు రాత్రులు కూర్చుని రాసిన రిపోర్టు ఏఐదన్నారు. వీసా ఏమవుతుందోనని టెన్షన్‌తో వారం నిద్ర లేదు. గూగుల్ డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ చూపించాక వదిలేశారు. మేడమ్, అందరూ హిస్టరీ ఇవ్వాలని రూలు పెట్టండి, గొడవ వదిలిపోతుంది.

పరీక్షల విభాగం:
నిన్ను కాపాడింది సరే తమ్ముడూ, కానీ ఫోన్‌లో వచ్చింది చూస్తూ టైప్ చేసినవాడికీ హిస్టరీ వస్తుంది. పైగా చేత్తో రాసి ఇచ్చే పిల్లలు ఏం చూపిస్తారు? ఉంటే చూడాలి, లేకపోతే తప్పుగా లెక్కపెట్టకూడదు.

కెమిస్ట్రీ మేడమ్:
నేనిచ్చే అసైన్‌మెంట్ "నీటి హార్డ్‌నెస్ గురించి 1,500 పదాలు". అరవై పేపర్లూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి.

పరీక్షల విభాగం:
ఆ ప్రశ్న చాట్‌జీపీటీ రాకముందూ సీనియర్ల రికార్డు నుంచే వచ్చేది లెండి. ఇలా మార్చి చూడండి. ఎవరింటి బోరు నీళ్లు వాళ్లు సీసాలో తెచ్చుకోవాలి. ల్యాబ్‌లో 50 మి.లీ. తీసుకుని, బఫర్, ఇండికేటర్ వేసి, 0.01 మోలార్ ఈడీటీఏతో టైట్రేషన్. రీడింగ్ అక్కడే పెన్నుతో రాసి మీ సంతకం తీసుకోవాలి. 20.5 మి.లీ. పడితే హార్డ్‌నెస్ లీటరుకు 410 మి.గ్రా. బీఐఎస్ తాగునీటి ప్రమాణం ప్రకారం 200 లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. తన ఇంటి నీళ్ల సంగతేమిటో ఒక పేజీ రాయాలి. భాష దిద్దుకోవడానికి ఏఐ వాడితే ఎక్కడ వాడాడో కింద ఒక లైను, దానికి మార్కుల కోత లేదు.

తర్వాత మనిషికి నాలుగు నిమిషాలు. "మొదటి రీడింగ్ 22.1, రెండోది 20.5. ఎందుకు తేడా?" ఎర్ర రంగు పూర్తిగా నీలమయ్యాక కూడా చుక్కలు వదిలానని చేసినవాడు చెప్తాడు. చేయనివాడు నిర్వచనం అప్పజెప్తాడు.

రూల్లో మాత్రం ఒక్క మాట గట్టిగా రాయండి: స్కోరు ఒక్కదాని మీద శిక్ష లేదు. అనుమానం వస్తే ముందు పిల్లవాణ్ణి కూర్చోబెట్టి అడగాలి, నిర్ణయం ఇద్దరు టీచర్లు కలిసి తీసుకోవాలి, పైకి అప్పీలు ఉండాలి.

నాలుగు సెక్షన్ల సార్:
వినడానికి బాగుంది. 240 మందికి నాలుగేసి నిమిషాలంటే 16 గంటలు. నాకు వారానికి 18 క్లాసులు. ఎప్పుడు అడగాలి?

పరీక్షల విభాగం:
అసైన్‌మెంట్లు ఐదు నుంచి రెండుకు తగ్గించండి, దిద్దే టైమ్ మిగులుతుంది. అయినా చాలకపోతే చీటీలు తీసి నలుగురిలో ఒకరినే అడగండి. ఎవరి పేరొస్తుందో తెలియదు కాబట్టి చాలామంది చదువుకునే వస్తారు. అందరూ అని మాత్రం చెప్పలేను.

రిటైర్డ్ లెక్చరర్:
స్కోరు సంగతి ఒప్పుకున్నాను. మరి వైవా అనగానే నోరు పెగలని పిల్లలో? అన్నీ తెలిసి నీళ్లు నమిలేవాళ్లను నా సర్వీసులో ఎంతమందిని చూశానో.

కెమిస్ట్రీ మేడమ్:
నా భయమూ అదే సార్. తెలుగులో చెప్పొచ్చని రాస్తున్నాను. మా హెచ్‌ఓడీ మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉండాలంటున్నారు. అది ఇంకా తేలలేదు.