ఆర్డీ మెచ్యూరిటీ లెక్క: ఎక్సెల్‌లో 1,631 రూపాయలు తక్కువ వస్తోంది, ఎందుకు?

రమ_నెల్లూరు
సాయంత్రం నుంచీ ఇదే పని, తల వాచిపోయింది. నెలకు 5000 ఆర్డీ, వడ్డీ 6.7 శాతం. ఎక్సెల్‌లో 3,55,199 వస్తోంది. వాళ్లిచ్చిన కాగితం మీద 3,56,830 అని ఉంది. ఎన్నిసార్లు వేసినా అదే తేడా. వడ్డీని 6.88 చేస్తే దాదాపు దగ్గరికొస్తోంది, కానీ వాళ్లు ఇచ్చేది 6.7 అనే కదా చెప్పారు! ఎవరు తప్పు, నేనా వాళ్లా?

కౌంటర్_నంబర్_3
బ్యాంకా, పోస్టాఫీసా? ఎన్ని నెలలు? ఫార్ములా ఏది?

పన్ను_శర్మ
రమ గారూ, మెచ్యూరిటీ సంగతి తర్వాత. ముందు ఈ వడ్డీని రిటర్నులో ఎలా చూపిస్తున్నారో చూసుకోండి. చాలామంది ఐదేళ్ల వడ్డీని ఐదుతో భాగించి సమానంగా వేసేస్తారు. ఆర్డీలో అలా కుదరదు. మీ లెక్కలోనే మొదటి ఏడాది వడ్డీ సుమారు 2,210, చివరి ఏడాది సుమారు 21,150. ఇంకోటి, ఆర్డీకి 80సీ మినహాయింపు లేదు, అది ఐదేళ్ల టైమ్ డిపాజిట్‌కే. బ్యాంకు ఆర్డీల మీద 2015 జూన్ నుంచి టీడీఎస్ కూడా ఉంది.

కౌంటర్_నంబర్_3
ఆవిడ అడిగింది అది కాదు.

రమ_నెల్లూరు
ఆర్డీ అంటే ఐదేళ్లే కదండీ! పోస్టాఫీసు. కాగితం ఏజెంటు గారు రాసిచ్చారు. ఫార్ములా ఇదిగో:

```
=FV(6.7%/12, 60, -5000)
```

లెక్కల_మాస్టారు
అమ్మా, ఎక్సెల్ ఎందుకు, కాగితం చాలు. నెలసరి మొత్తాన్ని n(n+1)/24 తో గుణించి, వడ్డీ రేటు వేయండి. 60 × 61 / 24 అంటే 152.5. దాన్ని 5000 తోనూ 6.7 శాతంతోనూ గుణిస్తే వడ్డీ 51,087.50. కట్టింది 3,00,000. మొత్తం 3,51,087.50. పదో తరగతి పిల్లలకు నేర్పే లెక్కే ఇది. మిగతాది ఏజెంటు పొరపాటు అయి ఉంటుంది.

గోదారి_గట్టు
మాస్టారూ, మీరన్నది బారువడ్డీ లెక్క. వడ్డీ మీద వడ్డీ అందులో లేదు. ఏడాది ఆర్డీకి పరవాలేదు, 33 రూపాయలే తేడా వస్తుంది. ఐదేళ్లకు 5,700 పైచిలుకు తేలిపోతుంది. ఏజెంటు కాగితం తప్పేం కాదు.

రమ గారూ, మీ ఫార్ములాలో రెండు తప్పులున్నాయి. అవి ఎదురెదురు దిక్కుల్లో లాగుతున్నాయి, అందుకే దొరకలేదు.

మొదటిది. FV లో చివర ఒక అంకె వదిలేశారు. వదిలేస్తే ఎక్సెల్ దాన్ని సున్నా అనుకుంటుంది, అంటే ప్రతి వాయిదా నెలాఖరున కట్టినట్టు. అప్పుడు 60వ వాయిదాకు ఒక్క పైసా వడ్డీ రాదు, కట్టిన రోజే లెక్క ముగిసిపోతుంది. ఆర్డీ అలా నడవదు. జూన్ 10న ఖాతా తెరిస్తే మొదటి వాయిదా ఆ రోజే కడతారు. 60వది ఐదో ఏడు మే నెలలో. మెచ్యూరిటీ మాత్రం జూన్ 10న. అంటే ఆఖరి వాయిదా కూడా ఒక నెల ఉంటుంది, దానికి దాదాపు 28 రూపాయల వడ్డీ వస్తుంది. -5000 తర్వాత ఒక 0, దాని తర్వాత చివర 1 పెట్టి చూడండి, 3,57,182 అవుతుంది.

రమ_నెల్లూరు
పెట్టాను. ఇప్పుడు కాగితం కన్నా 352 ఎక్కువ వస్తోంది!! ఇదేం గోలండీ.

గోదారి_గట్టు
అది రెండో తప్పు. మీరు 6.7 ని 12 తో భాగించారు, అంటే వడ్డీ నెలనెలా అసలులో కలుస్తున్నట్టు. పోస్టాఫీసు ఆర్డీలో మూడు నెలలకోసారి కలుస్తుంది. మూడు నెలలకు 1.675 శాతం. నెలకు ఎంత వేస్తే మూడు నెలలకు సరిగ్గా 1.675 అవుతుందో అదే మీ నెల రేటు, 0.5552 శాతం. మీరు వేసింది 0.5583. చూడ్డానికి చిటికెడు తేడా, 60 నెలలకు 353 రూపాయలు. ఇలా వేయండి:

```
=FV((1+6.7%/4)^(1/3)-1, 60, -5000, 0, 1)
```

3,56,829.14 రావాలి. మొదటి తప్పు వల్ల 1,983 తగ్గింది, రెండో తప్పు వల్ల 353 పెరిగింది. రెండూ కలిస్తే మీకు 1,630 తక్కువగా కనబడింది. వడ్డీని 6.88 చేస్తే దగ్గరికొచ్చింది కదా అని అలాగే వదిలేయకండి. వేరే గడువుకు, వేరే రేటుకు ఆ సర్దుబాటు పనిచేయదు.

ఇంకో మాట. 5000 ముందు ఆ మైనస్ గుర్తు తీసేస్తే జవాబు మైనస్‌లో వస్తుంది. వడ్డీ గడిలో శాతం గుర్తు లేకుండా 6.7 అని కొడితే కోట్ల కోట్లు వస్తాయి, అదైతే చూడగానే తెలుస్తుంది లెండి.

లెక్కల_మాస్టారు
ఒక్క విషయం. సమాన మొత్తం, సమాన వ్యవధి అయితే అది ఆర్డినరీ యాన్యుటీ. పుస్తకంలో అలాగే ఉంటుంది. మీరు దాన్ని వేరే ఏదో అంటున్నారు.

గోదారి_గట్టు
సమానంగా కట్టడం రెండింటికీ ఉంది మాస్టారూ. తేడా అంతా ఎప్పుడు కడతారన్న దగ్గరే. ఇంటి లోను జూన్ 10న తీసుకుంటే మొదటి ఈఎంఐ జూలై 10న. అదీ ఆర్డినరీ. ఆర్డీలో ఖాతా తెరిచిన రోజే మొదటి వాయిదా, దాన్ని యాన్యుటీ డ్యూ అంటారు. అందుకే ఈఎంఐ లెక్కలో చివర సున్నా, ఇక్కడ ఒకటి. పద్ధతి ఒకటే, ఒక నెల జరుగుతుందంతే. ఆర్డినరీ లెక్కలో వచ్చినదాన్ని (1 + నెల రేటు) తో గుణిస్తే ఇదే వస్తుంది.

లెక్కల_మాస్టారు
తెలుగులో దీన్ని వార్షికం అంటారు. నెలనెలా కట్టేదాన్ని వార్షికం అనడమే నాకు మొదటినుంచీ మింగుడుపడదు.

కౌంటర్_నంబర్_3
పేరేదైనా పెట్టుకోండి. చివర 1.

పొదుపు_లక్ష్మి
నాకూ ఇదే సమస్య, కొట్టాను. నాది నెలకు 2000, పోస్టాఫీసే, 2023 జనవరిలో మొదలుపెట్టాను. ఇప్పుడు 6.7 కదా అని వేస్తే 1,42,732 వస్తోంది. కౌంటర్ దగ్గర 1,39,393 అంటున్నారు. మూడు వేలకు పైనే తేడా! మీరు చెప్పిన ఫార్ములాయే వాడాను అన్నయ్యా, అయినా కలవలేదు.

గోదారి_గట్టు
ఫార్ములా సరే చెల్లెమ్మా, రేటు తప్పు. ఖాతా తెరిచిన రోజు ఏ రేటు ఉందో ఐదేళ్లూ అదే. 2023 మార్చి చివరిదాకా ఆర్డీ రేటు 5.8. తర్వాత ఏప్రిల్‌లో 6.2, జూలైలో 6.5, అక్టోబరులో 6.7 చేశారు. ఆ పెంపులు మీ ఖాతాకు రావు. 6.7 ఉన్నచోట 5.8 పెట్టండి.

పొదుపు_లక్ష్మి
సరిగ్గా వచ్చింది, 1,39,393. అంటే మూసేసి కొత్తది తెరిస్తే లాభమా?

కౌంటర్_నంబర్_3
మూడేళ్లు నిండకుండా మూయనివ్వరు. నిండాక మూస్తే ఆర్డీ వడ్డీ రాదు, సేవింగ్స్ ఖాతా వడ్డీయే, 4 శాతం. కదపకండి.

రమ_నెల్లూరు
ఒక డౌటు. నేను నెల మొదట్లో కట్టను, జీతం పడ్డాక 12, 13 తేదీల్లో కడతాను. అప్పుడు చివర 1 పెట్టడం తప్పు కాదా? నెల మధ్యలో కట్టినట్టే కదా.

గోదారి_గట్టు
ఖాతా ఎప్పుడు తెరిచారు? 15వ తేదీ లోపలా, తర్వాతా?

రమ_నెల్లూరు
10న.

గోదారి_గట్టు
అయితే ప్రతి నెలా 15 లోపల ఎప్పుడు కట్టినా మెచ్యూరిటీ మొత్తం మారదు. పోస్టాఫీసు లెక్కలో కొలమానం నెల, రోజు కాదు. 1న కట్టినా 15న కట్టినా ఒకటే. 15 తర్వాత ఖాతా తెరిచినవాళ్లకు నెలలో ఆఖరి పనిదినం దాకా గడువు. గడువు దాటితే ప్రతి 100 కి రూపాయి చొప్పున, మీకు నెలకు 50 రూపాయల జరిమానా. నాలుగు వాయిదాలు తప్పితే ఖాతా నిలిచిపోతుంది, రెండు నెలల్లోపు పునరుద్ధరించుకోవాలి. అలాంటి ఖాతాకు ఈ ఒక్క గడి ఫార్ములా పనికిరాదు, వరస వరసగా షీట్ వేసుకోవాల్సిందే.

ముందుగా కట్టేస్తే ఎదురు లాభం ఉంది. ఆరు వాయిదాలు ఒకేసారి కడితే ప్రతి 100 కి 10 రూపాయలు, పన్నెండు కడితే 40 రూపాయలు రిబేటు. మీకైతే ఏడాదివి ఒకేసారి కడితే 2,000 మిగులుతుంది. అది మెచ్యూరిటీలో కలవదు, కట్టేటప్పుడే తగ్గిస్తారు.

పన్ను_శర్మ
ఆ రిబేటును ఆదాయంగా చూపాలా వద్దా అన్నది ఎవరూ ఆలోచించరు.

లెక్కల_మాస్టారు
ఇంకోటి గమనించాను. మూడు నెలల లోపల బారువడ్డీ వేసి, మూడో నెల చివర అసలులో కలిపితే? మొదటి వాయిదాకు మూడు నెలలు, రెండోదానికి రెండు, మూడోదానికి ఒకటి. మొత్తం ఆరు నెలల వడ్డీ 5000 మీద, అంటే 167.50. ప్రతి మూడు నెలలకూ 15,167.50 చేరుతుంది. అలా 20 సార్లు వేస్తే నాకు 3,56,836 వస్తోంది. ఇదే అసలు పద్ధతి కాదా? వడ్డీ కలిసేదే మూడు నెలలకోసారి అన్నప్పుడు లోపల చక్రవడ్డీ ఎక్కడిది?

గోదారి_గట్టు
మంచి ప్రశ్న మాస్టారూ, తర్కం మీవైపే ఉంది. కానీ కాగితం మీదున్నది 3,56,830. మీ పద్ధతి అయితే ఆరు రూపాయలు ఎక్కువ వచ్చి ఉండాలి. పోస్టాఫీసు లెక్క నా ఫార్ములాలోని ఘనమూలం పద్ధతికే సరిపోతోంది. బ్యాంకు ఆర్డీ అయితే రసీదు మీదున్న అంకెతో రెండు పద్ధతులూ వేసి చూసుకోండి, ఏది కలిస్తే అది.

రమ_నెల్లూరు
వచ్చింది!! 3,56,829. థాంక్సండీ అందరికీ. కానీ కాగితం మీద 830 ఉంది, ఆ రూపాయి?

కౌంటర్_నంబర్_3
86 పైసలు. రౌండింగ్.

లెక్కల_మాస్టారు
829.14 ని రౌండ్ చేస్తే 829 అవ్వాలి గానీ 830 ఎలా అవుతుంది?

పన్ను_శర్మ
రిబేటు సంగతి ఎవరైనా చెప్పండి.