గరిటెల బ్రాండుకు ‘మానింట’ అని పెట్టొచ్చా?

ఉదయగిరి కోడలు: మా ఊళ్లో చెక్కే కొయ్య గరిటెలు, తెడ్లు ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటున్నాం. ‘ఉదయగిరి’ జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, ఉన్న పేరు, మా ఒక్కరి బ్రాండుగా పెట్టుకోలేం. ‘కొయ్యగరిటె’ పాతగా ఉంది. ‘దారుగరిటె’, ‘కొయ్డన’ (కొయ్య, వడ్డన కలిపి) రాసుకున్నాం. ఏది బాగుంది?

ఒంగోలు వాసి: ‘దారుగరిటె’ సంస్కృత మాటకు తెలుగు మాట అతికించిన వైరి సమాసం. తప్పు మాటకు ట్రేడ్‌మార్కు ఇవ్వరు.

కావలి మాస్టారు: సమాసం సంగతి నిజమే. కానీ ట్రేడ్‌మార్కు వాళ్లు వ్యాకరణం చూడరు, సరుకును నేరుగా వర్ణించే మాటా కాదా అని చూస్తారు. ‘కొయ్యగరిటె’కు చిక్కు అక్కడే. ‘కొయ్డన’లో రెండు మాటలూ మధ్యలో విరిగాయి. ‘కొయ్’ వినగానే కోయడం గుర్తొస్తుంది, ‘డన’లో వడ్డన ఎవరికీ కనబడదు. కత్తిరించి అతికించేటప్పుడు రెండింటికీ ఉమ్మడి శబ్దం ఉంటేనే అతుకు దాగుతుంది. అది దొరక్కపోతే కత్తెర వద్దమ్మా, మన సంధే ఆ పని చేస్తుంది. మాను + ఇంట = మానింట. ఉత్వ సంధి, ఒక్క అక్షరం వృథా కాలేదు.

పొదలకూరు అక్క: గరిటె అనాలా, గరిట అనాలా? మా ఇంట్లో గంటె అంటాం.

కావలి మాస్టారు: అన్నీ వాడుకలో ఉన్నవే అక్కా. ఇక్కడ అడిగింది కొత్త పేరు గురించి.

ఉదయగిరి కోడలు: ‘మానింట’ నోటికి హాయిగా ఉంది మాస్టారూ. ఇంగ్లీషులో ఎలా రాయాలి?

కావలి మాస్టారు: Maninta. మన దీర్ఘాలు ఆ అక్షరాల్లో నిలవవు, చాలామంది ‘మనింట’ అని చదువుతారు. అదీ మంచిదే, మన ఇంట అనే అర్థం వస్తుంది. అదే ‘తెడ్డు’ పెట్టి ఉంటే Teddu అని రాయాలి, త పోయి ట వచ్చి ‘టెడ్డు’ అయ్యేది. ఏ పేరైనా ఫోన్లో ఒక్కసారి చెప్పి, అవతలివాళ్లను టైప్ చేయమనండి. మూడు రకాలుగా రాశారంటే ఆ పేరు వదిలేయండి.

ఒంగోలు వాసి: ‘మాను’ అంటే మానెయ్ అని కూడా కదా? ‘వంట మాను’ అన్నట్టుంది.

కావలి మాస్టారు: ఆ భయం నాకూ ఉంది. మన వైపు చింతమాను, వేపమాను అంటాం కాబట్టి చెట్టే గుర్తొస్తుంది. గోదావరి వైపు వాళ్లకు?

ఉదయగిరి కోడలు: ఇప్పుడే మా చెల్లికి ఫోన్ చేసి టైప్ చేయమన్నా. Maneenta అని పంపింది. సాయంత్రం ఇంకో ఇద్దరినీ, భీమవరంలో ఉన్న మా ఆడపడుచునూ అడిగి రాస్తాను.