ఆదివారం రెండు గంటలు ప్రశ్న–జవాబులు రాసుకోవాలా, పాత పేపర్లు చేయాలా?

గాజువాక డిప్లొమా: ఎలక్ట్రికల్ రెండో సంవత్సరం చదువుతున్నాను. క్లాసులో పేజీకి నిలువుగా గీత గీసి, కుడివైపు వెడల్పు భాగంలో నోట్సు రాసుకుని, ఎడమవైపు సన్నటి భాగం ఖాళీగా ఉంచుతున్నాను. ఆదివారం ఉదయం కూర్చుని వారం నోట్సంతా ప్రశ్న–జవాబు జంటలుగా మారుస్తున్నాను. ఆ రెండు గంటలూ పాత ప్రశ్నపత్రాలు చేసుకుంటే మార్కులు వస్తాయని మా వాళ్లు అంటున్నారు. ఏది సబబు?

సీతమ్మధార వాసి: జంటలే రాయండి, సందేహం వద్దు. 2006లో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిచేత దాన్ని మళ్లీ చదివించారు, మరికొందరిచేత పుస్తకం మూసి గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారిదే పైచేయి అయింది. వారం తరువాత గుర్తు తెచ్చుకుని రాసినవారు ముందున్నారు. అందుచేత నోట్సులో ఒక్క వాక్యం కూడా వదలకుండా ప్రశ్నగా మార్చండి. పోటీపరీక్షలకు నేను అలాగే చేశాను. ఎన్ని ఎక్కువ రాస్తే అంత మేలు.

కంచరపాలెం పాత మాస్టారు: ఆ ప్రయోగం గురించి మీరు చెప్పింది నిజమే, అయితే అందులో ఫలితమిచ్చింది గుర్తు తెచ్చుకునే ప్రయత్నం; జంటల సంఖ్య కాదు. నోట్సు తెరిచి పెట్టుకుని, కుడివైపు వాక్యాన్ని ప్రశ్నగా తిప్పి, కింద అదే వాక్యాన్ని జవాబుగా దింపుకుంటే అది చక్కటి చేతిరాతతో చేసిన నకలే తప్ప మరొకటి కాదు. ఎలక్ట్రికల్ మెషీన్లు బోధించిన రోజుల్లో ఇలాంటి నోటుపుస్తకాలు ఎన్నో దిద్దాను. చూడ ముచ్చటగా ఉండేవి. వైవాలో మాత్రం నోరు పెగిలేది కాదు.

బాబూ, నీ పాఠంలోనే ఉదాహరణ చెబుతాను. ఇండక్షన్ మోటారు క్లాసులో కుడివైపు నువ్వు ఇలా రాసుకుని ఉంటావు: సింక్రనస్ వేగం 120f/P, సరఫరా 50 హెర్ట్జ్, నాలుగు పోల్సు, కాబట్టి నిమిషానికి 1500 చుట్లు, రోటరు తిరిగేది 1440, స్లిప్ 4 శాతం, రోటరు ఫ్రీక్వెన్సీ 2 హెర్ట్జ్. దీని నుంచి చాలామంది రాసే ప్రశ్న "స్లిప్ గురించి వివరించుము" అని. దానికి జవాబు పది వాక్యాలు ఉంటుంది. ఏడు గుర్తుకొచ్చి మూడు రాకపోతే వచ్చినట్టా, రానట్టా నీకే తెలియదు.

నేనైతే అందులోంచి రెండే ప్రశ్నలు తీస్తాను. మొదటిది, రోటరు సరిగ్గా 1500 వేగాన్ని అందుకుంటే టార్కు ఏమవుతుంది, ఎందుకు? తిరిగే అయస్కాంత క్షేత్రానికీ రోటరు కడ్డీలకూ మధ్య వేగంలో తేడా లేకపోతే కడ్డీలలో వోల్టేజి పుట్టదు, కరెంటు పారదు, టార్కు సున్నా అవుతుంది. అందుకే రోటరు ఎప్పుడూ కాస్త వెనకబడే ఉంటుంది. రెండవది, మోటారు స్టార్టయ్యే క్షణంలో రోటరు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ అయితే నడుస్తున్నప్పుడు 2 మాత్రమే ఎందుకు? స్లిప్ 1 నుంచి 0.04కు పడిపోయింది కాబట్టి. ఈ రెండూ వచ్చినవాడికి 4 శాతం అనే అంకెను విడిగా బట్టీ పట్టవలసిన పని లేదు.

ఎంవీపీ కాలనీ అమ్మ: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు అర్థం రాసుకుంటోంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల. మీరందరూ చెబుతున్నది అదేనా? వారానికోసారి కూర్చోబెట్టినా మరిచిపోతోంది.

కంచరపాలెం పాత మాస్టారు: అది వేరమ్మా, మాటల పట్టిక. ఇక్కడి ఎడమ భాగం అర్థాల కోసం కాదు. కుడివైపు మూసి, ఎడమవైపు సూచన చూసి విషయం చెప్పగలగడానికి. అయినా మీ అమ్మాయికి ఆ పట్టికలో ఒక వైపు చేత్తో మూసి రోజూ కాసేపు అడిగి చూడండి. మాటలకు వారం ఎడం మొదట్లో మరీ ఎక్కువ.

అక్కయ్యపాలెం బీటెక్: మాస్టారూ, మీ రెండు ప్రశ్నలూ బాగున్నాయి గాని, పరీక్షలో అడిగేది అది కాదు కదా. ఆరు పోల్సు, 960 వేగం ఇచ్చి స్లిప్ కనుక్కోమంటారు, లేదా టార్కు–స్లిప్ వక్రరేఖ గీసి వివరించమంటారు. చిన్న జంటలు ఎన్ని చదివినా సమయం చూసుకుంటూ లెక్క చేయడం, పేజీన్నర జవాబును వరుసగా పేర్చడం అలవాటు కావు. నా వరకు జంటలు దండగే అనిపించింది. అయిదేళ్ల పేపర్లు చేశాను, గట్టెక్కాను.

కంచరపాలెం పాత మాస్టారు: లెక్కల విషయంలో మీతో ఏకీభవిస్తాను. అంకెలతో సహా లెక్కను జంటగా రాస్తే మూడోసారికి జవాబే కంఠతా వచ్చేస్తుంది, పద్ధతి రాదు. ఈ 960 లెక్కకు కూడా జవాబు 4 శాతమే. గుర్తున్న అంకె చెప్పినా ఒప్పయిపోతుంది. లెక్కకు జంట రాయాలంటే "ఇచ్చినవి పోల్సు, రోటరు వేగం, మొదట ఏది కనుక్కోవాలి?" అన్నంతవరకే రాసి, మిగతాది పేపర్లోనే చేయాలి.

గాజువాక డిప్లొమా: మాస్టారూ, నిన్నటి నోట్సులోంచి ఒకటి రాశాను. ప్రశ్న: స్టార్టరు ఎందుకు వాడతారు? జవాబు: స్టార్టింగ్ కరెంటు తగ్గించడానికి. సరేనా? ఇంకో ఇబ్బంది, సోమవారం రాసుకున్నవి ఆదివారానికి నాకే అర్థం కావడం లేదు. "బొమ్మ చూడు, రివర్స్" అని ఉంది, ఏ బొమ్మో తెలియదు.

కంచరపాలెం పాత మాస్టారు: ఈ ప్రశ్నకు ఓవర్‌లోడు రక్షణ అని చెప్పినా తప్పనలేము. ఒక ప్రశ్నకు రెండు సరైన జవాబులు కుదిరితే లోపం నీ జ్ఞాపకానిది కాదు, ప్రశ్నది. "స్టార్–డెల్టా స్టార్టరు మొదట స్టార్‌లో కలపడం వల్ల లైను కరెంటు ఎన్నో వంతుకు తగ్గుతుంది, దానికి బదులు ఏమి కోల్పోతాము?" అని అడుగు. నేరుగా డెల్టాలో స్టార్ట్ చేసినప్పటితో పోలిస్తే కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది, స్టార్టింగ్ టార్కు కూడా మూడో వంతుకు పడిపోతుంది. కాబట్టి బరువైన లోడుతో స్టార్టయ్యే మోటారుకు అది పనికిరాకపోవచ్చు.

రెండో ఇబ్బందికి కారణం ఎడమ భాగాన్ని ఆదివారం దాకా ఖాళీగా ఉంచడం. ఆ సూచనలు అదే రోజు సాయంత్రం, బస్సులో అయినా సరే, పది నిమిషాలలో రాసేయాలి. అర్థం కాని చోట ప్రశ్నార్థకం పెట్టి మర్నాడు లెక్చరర్‌ను అడగాలి. ఆదివారం మొదట కుడివైపు కాగితంతో మూసి, ఎడమవైపు చూసి నోటితో చెప్పు. తడబడిన చోట్లే జంటలుగా రాయి, తడబడనివి వదిలెయ్యి. వారానికి పదిహేను ఇరవై దాటితే ఏరుకోవడం సరిగా జరగలేదని అనుమానించాలి.

సీతమ్మధార వాసి: తడబడనివి వదిలేయమనడం నాకు నచ్చలేదు. ఆదివారం వచ్చినది నెల తరువాత వస్తుందని ఏమిటి హామీ?

కంచరపాలెం పాత మాస్టారు: హామీ లేదు. అందుకే నోట్సు పారేయవద్దు. నెలాఖరున ఎడమవైపు సూచనలు మొదటి నుంచీ ఒకసారి చూసుకుంటే జారినవి బయటపడతాయి. అన్నీ రాసిపెట్టుకుంటే మాత్రం నెల తిరిగేసరికి ఆ గుట్టను తిరగేసేవాడు ఉండడు.

అక్కయ్యపాలెం బీటెక్: అయితే రెండు గంటల్లో ముప్పావు గంట ఈ పనికి, మిగిలినది పేపర్లకు ఇవ్వమంటాను. పరీక్షలకు నెల ముందు నుంచి అదీ మానేసి పేపర్లే.

కంచరపాలెం పాత మాస్టారు: ముప్పావు గంటకు నాకు అభ్యంతరం లేదు. చివరి నెల మానేయడాన్ని మాత్రం ఒప్పుకోను. పేపర్లో తప్పిన ప్రతి లెక్క వెనుకా రాయదగిన ప్రశ్న ఒకటి దొరుకుతుంది, జంటలు ఎక్కువ పుట్టేది అప్పుడే.

గాజువాక డిప్లొమా: ఈ ఆదివారం ముప్పావు గంట లెక్కనే చేసి, స్టార్టర్ల పాఠం నుంచి రాసినవి ఇక్కడే పెడతాను. ఓవర్‌లోడు రిలే ప్రశ్న దగ్గర నాకు ఇంకా సందేహం ఉంది.