గేజీలో 2.3 చూసి గాలి కొట్టాను, షాపులో 29 అంటున్నారు. తప్పు యూనిట్‌దా, గేజీదా?

మాది ఒడిశాలోని రాయగడ. కారు డోరు దగ్గర స్టిక్కర్ మీద 230 కిలోపాస్కల్ అని ఉంది. నా దగ్గరున్నది సెకండ్‌హ్యాండ్ విదేశీ పంపు. దాని డయల్ మీద కిలోపాస్కల్ లేదు, చదరపు సెంటీమీటరుకు కేజీల లెక్క మాత్రమే ఉంది. 100 కిలోపాస్కల్ అంటే 1 బార్, కేజీ లెక్క కూడా దాదాపు అంతే కదా అని, పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు 2.3 దాకా కొట్టాను.

వీధి చివర షాపతను తన గేజీ పెట్టి "29 పీఎస్‌ఐ ఉంది బాబూ, తక్కువ" అన్నాడు. ఇంటికొచ్చి లెక్క వేశాను. 230ని 6.895తో భాగిస్తే 33.4 పీఎస్‌ఐ. నేను కొట్టిన 2.3 కేజీలను 14.22తో గుణిస్తే 32.7. అంటే యూనిట్ తేడా వల్ల పోయింది ఒక్క పీఎస్‌ఐ కూడా కాదు. మిగతాది ఏమైనట్టు?

అప్పుడు చూశాను, గొట్టం ఊడదీసినా ముల్లు సున్నాకు రాకుండా 0.25 దగ్గరే ఆగుతోంది! అది తీసేస్తే 2.05, అంటే సుమారు 29. షాపతని లెక్కతో సరిపోతోంది.

ఇకమీదట ప్రతిసారీ 0.25 ఎక్కువ కొడితే చాలా? లేక ఇలాంటి ముల్లు పైఅంకెల దగ్గర ఇంకోలా తప్పు చూపిస్తుందా? రేపు పార్వతీపురం వెళ్లాలి, తెలిసినవాళ్లు చెప్పండి.